ఒక డ్రిల్లు, యాభై ఇళ్లు: అపార్ట్‌మెంట్‌లో వస్తువులు పంచుకోవడం ఎలా

మీ అపార్ట్‌మెంట్‌లో యాభై ఫ్లాట్లు ఉన్నాయనుకుందాం. నాలుగైదు ఇళ్లలోనైనా డ్రిల్లింగ్ మెషిన్ ఉండే ఉంటుంది. కొత్తగా ఇంట్లోకి వచ్చినప్పుడు కర్టెన్ రాడ్లకో, దేవుడి పటాలకో, టీవీ స్టాండ్‌కో కొంటారు. ఆ హడావిడి తగ్గాక అది అటకెక్కుతుంది. పై అంతస్తులో ఒకావిడ గోడ గడియారం తగిలించడానికి కార్పెంటర్‌కి ఫోన్ మీద ఫోన్ చేస్తుంటారు. రెండు మేకుల పనికి అతను రాడు. డ్రిల్లు ఉన్న ఇల్లు కింద అంతస్తులోనే ఉందని ఆవిడకి తెలీదు. తెలిసినా అడగడానికి మొహమాటం.

ఉన్నవాళ్లు ఇవ్వరని కాదు. ఇచ్చిన వస్తువు ఎప్పుడొస్తుందో, ఎలా వస్తుందో తెలియక వెనకాడతారు. ఎరువు సొమ్ము బరువుచేటని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇచ్చే రోజు అందరూ నవ్వుతూనే ఉంటారు, పేచీ వచ్చేది తిరిగిచ్చే రోజునే. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ తిరిగిచ్చే రోజు గురించే రాస్తున్నాను. పనిముట్ల గురించి వివరంగా చెప్పి, పుస్తకాలు, బండ్ల గురించి చివర్లో చెబుతాను. బండ్ల విషయంలో చట్టం అడ్డొచ్చే చోటు ఒకటుంది, అది తెలియకుండా మొదలుపెట్టకండి.

ముందు ఏది కావాలో కనుక్కోండి

వాట్సాప్ గ్రూప్‌లో పోల్ పెట్టకండి. "ఏమేం ఉంటే బాగుంటుంది?" అని అడిగితే అందరూ అన్నిటికీ టిక్ పెడతారు, తర్వాత ఒక్కరూ తీసుకెళ్లరు. దానికి బదులు మెయింటెనెన్స్ మీటింగ్‌కి వచ్చినవాళ్లని, లిఫ్ట్ దగ్గర కలిసినవాళ్లని మూడు ప్రశ్నలు అడగండి. పోయిన ఏడాది ఎవరి దగ్గరి నుంచైనా ఏం అడిగి తెచ్చుకున్నారు? బయట దేనికి అద్దె కట్టారు? ఏది కొని ఒకటి రెండుసార్లు వాడి పక్కన పడేశారు? ఈ మూడింటికీ వచ్చే జవాబులు జరిగిన విషయాలు కాబట్టి నమ్మొచ్చు.

జవాబుల్లో దాదాపు ఎప్పుడూ వచ్చేవి కొన్ని ఉంటాయి. డ్రిల్లు, అల్యూమినియం నిచ్చెన, కారు కడిగే ప్రెషర్ వాషర్, వ్రతాలకీ పుట్టినరోజులకీ పెద్ద గిన్నెలు, మడత కుర్చీలు. వీటితో పాటు ఎవరూ ముందుగా గుర్తు చేసుకోనివి వీల్‌చైర్, వాకర్. ఇంట్లో పెద్దవాళ్లు జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు అవి అప్పటికప్పుడు కావాలి, రెండు మూడు నెలల తర్వాత వాటితో పనుండదు. ఇంతకుముందు అలాంటి అవసరం పడిన ఇల్లు మీ దగ్గర ఒక్కటి ఉన్నా, ఆ వీల్‌చైర్ బాల్కనీలో దుమ్ము పట్టి ఉంటుంది, వెళ్లి అడగండి. దీనికి మాత్రం అద్దె పెట్టొద్దని, గడువు పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం.

కొన్నిటిని మొదట్లోనే పక్కన పెట్టేయండి. మిక్సీ లాంటి రోజువారీ వస్తువులు వద్దు, అవి ఇద్దరికీ ఒకేసారి కావాలి. నెబ్యులైజర్ మాస్కుల్లాంటివి ఒకరు వాడినవి ఇంకొకరికి ఇవ్వకూడదు. టైల్స్, ఇనుము కోసే యాంగిల్ గ్రైండర్ జోలికీ వెళ్లకండి. అలవాటు లేనివాళ్ల చేతిలో దాని డిస్క్ పగిలిందంటే ముక్క ఎటు దూసుకెళ్తుందో చెప్పలేం.

మొదటి నెల నాలుగైదు వస్తువులు చాలు.

వస్తువు ఎవరిది, ఎవరి దగ్గర ఉండాలి

అసోసియేషన్ డబ్బుతో కొందామని ఎవరో ఒకరు అంటారు. తొందరపడకండి. అందరి సొమ్ముతో కొన్న వస్తువుకి "నాది" అనేవాళ్లు ఉండరు, పాడైనా పట్టించుకునేవాళ్లు ఉండరు. ఉన్నవాళ్ల వస్తువు ఉన్నవాళ్ల పేరు మీదే ఉంచి, వాళ్లు సరేనంటేనే జాబితాలో చేర్చండి. అద్దెలో ఒక వాటా వాళ్లకి వెళ్లాలి. నిచ్చెన, కుర్చీల లాంటివి ఎవరి దగ్గరా లేకపోతే, అప్పుడు కమిటీ మీటింగ్‌లో మినిట్స్ రాసుకుని కొనండి.

వస్తువులన్నీ ఒకచోట, ఒకరి బాధ్యతలో ఉండాలి. ఎక్కువసేపు ఇంట్లో ఉండే, రికార్డులు రాయడం అలవాటున్న రిటైర్డ్ దంపతులు దొరికితే అంతకంటే కావాల్సిందేముంది. వాళ్ల ఓపికకి విలువ కట్టండి. ప్రతి అద్దెలో పది రూపాయలు వాళ్లకని ముందే రాసేయండి, వద్దన్నా ఇవ్వండి. వస్తువులు ఇచ్చే వేళలు కూడా పెట్టండి, ఉదయం 9 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 7 అలా. లేకపోతే రాత్రి పదింటికి కాలింగ్ బెల్ కొట్టి "ఆంటీ, నిచ్చెన ఉందా?" అనేవాళ్లు తయారవుతారు.

వాచ్‌మన్‌కి ఈ పని అప్పగించకండి. మోటారు, పార్శిళ్లు, గేటు, చెత్త అన్నీ అప్పటికే అతని మెడకున్నాయి. పైగా ఏదైనా కనపడకుండా పోతే మొదటి అనుమానం అతని మీదికే వెళ్తుంది, కాదని చెప్పుకోవడానికి అతని దగ్గర ఏ కాగితమూ ఉండదు.

అద్దె ఎంత పెట్టాలి

ఉజ్జాయింపుగా చెప్పకుండా లెక్క కట్టి చెబితే ఎవరూ వాదించరు. ఒక డ్రిల్లు, దాని పెట్టె కలిపి 3,000 రూపాయలు అనుకుందాం. మూడేళ్లు వస్తుందని, ఏడాదికి 50 సార్లు బయటికి వెళ్తుందని వేసుకుంటే మొత్తం 150 సార్లు. ఒక్కసారికి దాని సొంత ఖర్చు 20 రూపాయలు. రిపేర్లకి ఒక 20 పక్కన పెట్టండి, చూసుకునేవాళ్లకి 10. అంటే రోజుకి 50 రూపాయలు. అందులో 20 మెషిన్ యజమానికి వెళ్తుంది, రిపేర్ల 20 ఉమ్మడి నిధిలో ఉంటుంది. డిపాజిట్ 500. మెషిన్ బాగా వస్తే డిపాజిట్ ఆ క్షణమే తిరిగి వెళ్లాలి, "తర్వాత వేస్తాను" అనకూడదు.

డిపాజిట్, అద్దె రెండూ యూపీఐలో తీసుకోండి. నోట్ దగ్గర ఫ్లాట్ నంబరు, వస్తువు పేరు రాయమనండి. తేదీ, సమయం, పేరు అన్నీ దానంతటవే నమోదవుతాయి కాబట్టి సగం రిజిస్టర్ మీరు రాయకుండానే తయారవుతుంది.

రంధ్రం చేసే మొనలు, అంటే డ్రిల్ బిట్లు మాత్రం అద్దెలో కలపకండి. గోడలకి వాడే 6 ఎంఎం, 8 ఎంఎం మేసన్రీ బిట్లు త్వరగా అరిగిపోతాయి. మొద్దుబారిన బిట్‌తో పని చేసేవాళ్లు మెషిన్ మీద బరువంతా వేసి నొక్కుతారు, అక్కడే మోటారు వేడెక్కుతుంది. బిట్, ప్లాస్టిక్ గట్టాలు, స్క్రూలు ఎవరివి వాళ్లు హార్డ్‌వేర్ షాపులో తెచ్చుకోవాలని జాబితాలోనే రాయండి.

డబ్బు తీసుకోవడం మొదలుపెట్టిన రోజు మీ బాధ్యత కూడా మారుతుందని చాలామందికి తెలియదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 150వ సెక్షన్ ప్రకారం, వస్తువుని ఊరికే వాడుకోమని ఇస్తే, మీకు తెలిసి కూడా చెప్పని లోపం వల్ల జరిగే నష్టానికే మీరు బాధ్యులు. అదే అద్దెకిస్తే, ఆ లోపం మీకు తెలియకపోయినా బాధ్యత మీదే. నిచ్చెన మెట్టు రివెట్ వదులై ఉందని మీరు గమనించలేదు, ఎక్కినాయన కింద పడ్డారు. ఊరికే ఇచ్చి ఉంటే ఒక లెక్క, యాభై రూపాయలు తీసుకుని ఉంటే ఇంకో లెక్క. వాడుకునేవాళ్లకీ బాధ్యత ఉంది. 151వ సెక్షన్ ప్రకారం, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువుని చూసుకున్నట్టే ఆ వస్తువుని జాగ్రత్తగా చూసుకోవాలి. ఈ రెండూ తెలిస్తే, తర్వాత చెప్పే పరీక్ష ఎందుకు మానకూడదో అర్థమవుతుంది.

ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు రెండు నిమిషాలు

ఈ పరీక్ష ఇద్దరి ఎదుటే జరగాలి. సంచీ గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోవడం, పిల్లాడి చేత పంపించడం కుదరదని మొదటి రోజే చెప్పండి.

డ్రిల్లు పెట్టె తెరిచి ముందు చక్ కీ ఉందో లేదో చూడండి. బిట్‌ని బిగించే ఆ చిన్న తాళంచెవి లాంటిదే అన్నిటికన్నా ఎక్కువగా పోయేది, అది లేకపోతే మెషిన్ ఉన్నా లేనట్టే. దాన్ని వైరుకి ఒక రబ్బరు బ్యాండుతో కట్టేయండి. తర్వాత వైరు మొత్తం చేత్తో తడుముతూ చూడండి, ముఖ్యంగా ప్లగ్ దగ్గర, మెషిన్‌లోకి వెళ్లే చోట. ఆ రెండు చోట్లా వైరు ఎక్కువగా మడత పడి పైతొడుగు చిట్లుతుంది. ఇక ప్లగ్ పెట్టి బిట్ లేకుండా పది సెకన్లు తిప్పండి. శబ్దం ఒకే తీరుగా ఉండాలి, గాలి వచ్చే కన్నాల దగ్గర ముక్కు పెడితే కాలిన వాసన రాకూడదు. ఆ పది సెకన్లూ ఫోన్‌లో వీడియో తీసి గ్రూప్‌లో పెట్టండి. తిరిగొచ్చినప్పుడు మళ్లీ అదే.

తీసుకెళ్లేవాళ్లకి రెండు మాటలు చెప్పాలి. మొదటిది, ఇది ఇటుక గోడకే, కాలమ్‌కో బీమ్‌కో కాదు. కాంక్రీటులో మామూలు ఇంపాక్ట్ డ్రిల్లు నెమ్మదిగా దిగుతుంది, ఓపిక లేక గట్టిగా నొక్కుతారు, మెషిన్ కాలిపోయేది ఎక్కువగా అక్కడే. దానికి రోటరీ హ్యామర్ కావాలి, ఆ పనికి మేస్త్రీనో ఎలక్ట్రీషియన్‌నో పిలవడమే మేలు. రెండోది, స్విచ్ బోర్డుకి నేరుగా పైనా కిందా రంధ్రం పెట్టకూడదు. గోడలో వైర్ల పైపులు సాధారణంగా అలా నిలువుగానే వెళ్తాయి. ఇంకో మాట పక్కింటివాళ్ల కోసం. మధ్యాహ్నం నిద్ర వేళ, రాత్రి ఏడు దాటాక డ్రిల్లు వేయకూడదు.

నిచ్చెనకి చూడాల్సింది కాళ్ల రబ్బరు బుష్‌లు, మెట్ల రివెట్లు, మధ్యలో తెరుచుకునే చోట లాక్. నిచ్చెన తెరిచి, మొదటి మెట్టు మీద నిలబడి కొంచెం ఊగండి. కిర్రుమంటే ఇవ్వకండి. ప్రెషర్ వాషర్‌కి అసలు శత్రువు నీళ్లు లేకుండా ఆన్ చేయడం. కొళాయి తిప్పి, గన్ నొక్కి, నీళ్లు ధారగా వచ్చాకే స్విచ్ వేయాలని దాని మీదే ఒక స్టిక్కర్ అంటించండి. 1,500 వాట్ల మెషిన్ అయితే మామూలు చిన్న సాకెట్ సరిపోదు, ఏసీకి వాడే 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టాలి. పార్కింగ్‌లో అలాంటి సాకెట్ లేకపోతే ఈ వస్తువుని జాబితాలో పెట్టి లాభం లేదు.

రిజిస్టర్ ఒక పొడవాటి నోట్‌బుక్ అయితే చాలు. తేదీ, ఫ్లాట్, వస్తువు, తిరిగి రావాల్సిన రోజు, వచ్చిన రోజు, ఏమైనా తేడా, సంతకం. గూగుల్ షీట్ కావాలనుకుంటే పెట్టుకోండి, అయినా సంతకం కాగితం మీద ఉంటేనే తర్వాత మాట మారదు.

పాడైతే ఎవరు కట్టాలి

ఈ నిబంధన మొదటి వస్తువు ఇవ్వకముందే రాసుకోవాలి. పాడయ్యాక రాద్దామంటే, ఏం రాసినా ఎవరో ఒకరి మీద రాసినట్టే ఉంటుంది.

అరుగుదల అయితే ఉమ్మడి నిధి కడుతుంది. పోగొట్టినా, కింద పడేసినా, కాల్చినా వాడినవాళ్లు కట్టాలి. ఏదీ తేలకపోతే చెరిసగం. మరి ఏది ఏదో ఎలా తెలుస్తుంది? డ్రిల్లు ఆగి ఆగి తిరుగుతుంటే, కన్నాల్లోంచి నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తూ చివరికి ఆగిపోతే, చాలాసార్లు అది మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరగడం. అది ఎవరి తప్పూ కాదు, ఎవరి చేతిలో ఉన్నప్పుడైనా జరిగేదే, చిన్న ఖర్చుతో మార్చేయొచ్చు. పొగ వచ్చి, ఘాటైన కాలిన వాసన వేసి, ఆన్ చేయగానే ఇంట్లో ఎంసీబీ పడిపోతుంటే లోపలి వైండింగ్ కాలిందని అనుమానించాలి. అంటే చాలావరకు నొక్కి వాడారన్నమాట. అనుమానం ఉంటే రిపేర్ షాపతన్నే విప్పి చూపించమనండి, ఇద్దరూ వెళ్లి చూడండి.

ఒక లెక్క చూద్దాం. ఆ 3,000 రూపాయల డ్రిల్లు సరిగ్గా ఏడాది వాడాక కాలిపోయింది. మూడేళ్ల ఆయుష్షు అనుకున్నాం కాబట్టి దాని విలువ ఇప్పుడు 2,000. షాపులో రిపేరుకి 1,200 అన్నారు. విలువ కన్నా తక్కువే కాబట్టి రిపేరు చేయించి, 500 డిపాజిట్‌లోంచి తీసుకుని, మిగతా 700 వాడినవాళ్లు ఇవ్వాలి. రిపేరుకి 2,400 అని ఉంటే రిపేరు మానేసి, వాళ్ల దగ్గర 2,000 తీసుకుని, నిధిలోంచి ఇంకో వెయ్యి కలిపి కొత్తది కొనాలి. "కొత్తదానికి మొత్తం మీరే కట్టండి" అంటే మాత్రం ఆ ఇంటివాళ్లు ఇంకెప్పుడూ ఏదీ తీసుకోరు.

ఆలస్యానికి జరిమానా రోజుకి ఇంకో రోజు అద్దె. గడువు దాటిన రోజు సాయంత్రం వస్తువు చూసుకునేవాళ్లు ఫోన్ చేసి "అన్నా, నిచ్చెన ఇంకొకరు అడుగుతున్నారు" అంటే చాలు. గ్రూప్‌లో పేరు పెట్టి అడగకండి. నలుగురిలో పేరు పడితే మనిషి నొచ్చుకుంటాడు.

పుస్తకాలు

పుస్తకాలకి ఇంత తతంగం అక్కర్లేదు. లిఫ్ట్ పక్కన ఒక అర పెట్టి, తీసుకెళ్లండి, చదివి పెట్టండి అని వదిలేయండి. అద్దె పెడితే ఆ ఇరవై రూపాయల కోసం రాసే రాతకే విసుగొస్తుంది. కొన్ని తిరిగి రావు, రానివ్వండి. పోతే బాధపడే పుస్తకం మాత్రం అందులో పెట్టకండి.

క్రమం కావాల్సింది పరీక్షల పుస్తకాలకి. ఇంటర్, ఈఏపీసెట్, నీట్ పుస్తకాలు బాగా ఖరీదు, ఒక ఇంట్లో ఒకటి రెండేళ్లే పనికొస్తాయి. వార్షిక పరీక్షలు, ఎంట్రన్సులు అయ్యాక, జూన్‌లో కాలేజీలు తెరిచేలోపు, ఎవరి దగ్గర ఏ సంవత్సరం ముద్రణ ఉందో రాయించుకుని ఒక ఆదివారం అందరినీ కూర్చోబెట్టి మార్పించండి. ముద్రణ సంవత్సరం తప్పకుండా చూడాలి, ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు ఈ మధ్య పాఠాలు తీసేసి, మార్చి ఉన్నారు.

బండ్లు: ఇవ్వచ్చు, అద్దెకివ్వకూడదు

తెల్ల నంబరు ప్లేటు ఉన్న సొంత కారుని, బైకుని పక్కింటివాళ్లకి ఊరికే ఇవ్వడంలో తప్పు లేదు. రోజుకింత అని డబ్బు తీసుకుంటే మాత్రం అది వాణిజ్య వాడకం అవుతుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం దానికి పర్మిట్ కావాలి. పర్మిట్ లేకుండా నడిపితే 192ఎ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు రాసి ఉంది. అంతకన్నా పెద్ద దెబ్బ ఇన్సూరెన్స్‌ది. ప్రైవేటు కారు పాలసీ తీసి "వాడకం పరిమితులు" అన్న చోట చదవండి, అద్దెకి వాడితే వర్తించదని ఉంటుంది. గుద్దుకున్నాక మీరు తీసుకున్న వెయ్యి రూపాయల యూపీఐ నోటే మీకు అడ్డం తిరుగుతుంది. అందుకని మీ జాబితాలో కారుకి అద్దె కాలమ్ ఉండకూడదు. వాడినంత పెట్రోల్ తిరిగి నింపి ఇవ్వడం, అంతవరకే.

ఊరికే ఇచ్చినా చూసుకోవాల్సినవి ఉన్నాయి. లైసెన్స్ కళ్లారా చూడండి, అది ఆ తరగతి బండికి చెల్లుతుందో, గడువు ఉందో చూడండి. లైసెన్స్ లేనివాళ్లకి ఇస్తే యజమానికీ శిక్ష ఉంది. మైనర్ నడిపితే 2019 సవరణ తర్వాత తల్లిదండ్రులకో, యజమానికో 25,000 జరిమానాతో పాటు మూడేళ్ల దాకా జైలు. "మావాడు సందు చివరిదాకానే" అని అడిగినా సరే, ఇవ్వకండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ బండిని పట్టి ఉంటుంది కాబట్టి లైసెన్స్ ఉన్న పక్కింటాయన నడిపినా బయటివాళ్లకి జరిగిన నష్టానికి పనిచేస్తుంది. పాలసీలో ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ మాత్రం యజమానికే, నడిపిన పక్కింటాయనకి రాదు. బండి డ్యామేజీకి క్లెయిమ్ వేస్తే పోయేది మీ నో క్లెయిమ్ బోనస్. చలానా వచ్చేది మీ పేరు మీదే, టోల్ కట్ అయ్యేది మీ ఫాస్టాగ్ నుంచే. ఇవన్నీ తీసుకునేవాళ్లు భరిస్తామని వాట్సాప్‌లో ఒక్క వాక్యం రాయించుకుని, ఓడోమీటర్ ఫోటో, నాలుగు వైపులా బండి ఫోటోలు తీసుకుని తాళాలు ఇవ్వండి.

అద్దెకే బండి పెట్టాలనుకుంటే సైకిళ్లు పెట్టండి. వాటికి పర్మిట్ లేదు, ఇన్సూరెన్స్ గొడవ లేదు. పిల్లలు రెండేళ్లకోసారి సైకిల్ సైజు దాటిపోతారు కాబట్టి పార్కింగ్‌లో గాలి పోయిన సైకిళ్లు మీ దగ్గరా ఉండే ఉంటాయి. ఎవరివో కనుక్కుని, అడిగి, సర్వీసింగ్ చేయించి, 16 అంగుళాలు, 20 అంగుళాలు, 24 అంగుళాలు అని విడదీయండి. నెలకి ఇంత అని ఇచ్చి, పిల్లాడు ఎదిగాక పై సైజుకి మార్చుకోనివ్వండి. ఇచ్చేముందు చక్రం గాల్లో తిప్పి, రెండు బ్రేకులూ నొక్కి ఆగుతుందో లేదో చూడాలి.

ఆరు నెలలయ్యాక రిజిస్టర్ ముందేసుకుని కూర్చోండి. ఒక్కసారి కూడా బయటికి వెళ్లని వస్తువుని యజమానికి తిరిగిచ్చేయండి, అల్మారాలో చోటు మిగులుతుంది. ఎప్పుడడిగినా "ఇంకొకరి దగ్గరుంది" అని చెప్పాల్సి వస్తున్నదాన్నే రెండోది కొనండి, అందుకు నిధిలో ఎంత పోగైందో అదే నోట్‌బుక్‌లో ఉంటుంది.